డాబా పైకప్పుకి ఇన్సులేషన్ షీట్లు ఎన్ని కావాలి: ఓవర్‌ల్యాప్ అతుకులతో సహా లెక్క కట్టే పద్ధతి

డాబా వైశాల్యాన్ని షీటు వైశాల్యంతో భాగించి, పైన ఒక ఐదు శాతం వేసుకుని ఆర్డర్ పెట్టేవాళ్లే ఎక్కువ. ఆ లెక్కతో తెచ్చిన షీట్లు చివరి వరుస దగ్గర చాలకపోవడం మామూలే. అంచుల్లో మెట్టు ఉండి ఒకదాని మీద ఒకటి కూర్చునే షీట్లలో ప్రతి అతుకు దగ్గరా కొంత కొలత పోతుంది. గోడ దగ్గర కోసిన ముక్కల్లో కొన్ని మళ్లీ పనికొస్తాయి, కొన్ని రావు. ఈ రెండూ వైశాల్యం లెక్కలో కనిపించవు. వరుసలు వేసి చూస్తేనే తెలుస్తాయి.

ఇక్కడ తీసుకున్నది ఎక్కువగా వాడే రకం: ఎక్స్‌పీఎస్ అనే గట్టి ఫోమ్ షీటు, నాలుగు వైపులా మెట్టు అంచు ఉన్నది. దీన్నే షిప్‌లాప్ అంచు అంటారు. శ్లాబు మీద వాటర్‌ప్రూఫింగ్ పూర్తయ్యాక దాని మీద ఈ షీట్లు పరిచి, పైన విడదీసే గుడ్డ లాంటి పొర వేసి, ఆ మీద కాంక్రీటో టైల్సో వేస్తారు. ఒక్క మాట ముందే చెప్పాలి. ఈ ఓవర్‌ల్యాప్ నీటిని ఆపడానికి కాదు, వేడిని ఆపడానికి. నీటిని ఆపాల్సింది కింద ఉన్న వాటర్‌ప్రూఫింగ్ పొరే. కాబట్టి డాబా మీద నీళ్లు నిలబెట్టి, ఎక్కడా కారడం లేదని తేలాకే షీట్ల పని మొదలుపెట్టాలి.

అతుకు ఎందుకు ముఖ్యం

మెట్టు లేని షీట్ల మధ్య 5 మిల్లీమీటర్ల సందు మిగిలితే ఏమవుతుందో చూడండి. పైన కాంక్రీటు పోసినప్పుడు సిమెంటు పాలు ఆ సందులోకి దిగి గట్టిపడతాయి. సందుల వైశాల్యం మొత్తం డాబాలో ఒక శాతం కంటే కొంచెమే ఎక్కువ. కానీ సిమెంటు గార ఎక్స్‌పీఎస్ కంటే 30 రెట్లకు పైగా వేడిని పంపుతుంది. మామూలు లెక్క వేసినా, ఆ సన్నని గీతల గుండా దిగే వేడి మొత్తం షీట్ల గుండా దిగే వేడిలో మూడో వంతును దాటుతుంది. మెట్టు అంచు ఉంటే సందు పై నుంచి కింది దాకా నేరుగా ఉండదు, గార దిగినా సగం మందం దగ్గరే ఆగిపోతుంది. ఓవర్‌ల్యాప్ కోసం నాలుగు షీట్లు ఎక్కువ కొనడంలో అర్థం ఇదే.

మొదట తేల్చుకోవాల్సింది: షీటు అసలు ఎంత కప్పుతుంది

షీటుకి రెండు కొలతలు ఉంటాయి. అంచు నుంచి అంచు దాకా టేపు పెడితే వచ్చేది మొత్తం కొలత. పక్క షీటుతో కలిపాక అది నికరంగా కప్పే కొలత వేరు. కట్ట మీద ముద్రించిన అంకె వీటిలో ఏదైనా కావచ్చు. కొందరు తయారీదారులు మొత్తం కొలత రాస్తారు, కొందరు కప్పే కొలత రాస్తారు. అడిగితే కొట్టువాళ్లకీ తెలియకపోవచ్చు.

దీన్ని తేల్చే పద్ధతి చాలా తేలిక. రెండు షీట్లు తీసుకుని పొడవు వైపు కలపండి, మెట్లు పూర్తిగా కూర్చోవాలి. రెండింటి మొత్తం పొడవు కొలిచి అందులోంచి ఒక్క షీటు పొడవు తీసేయండి. మిగిలేదే కప్పే పొడవు. వెడల్పుకీ ఇలాగే చేయండి. ఒక షీటు 1250 మి.మీ. ఉండి, రెండు కలిపితే 2485 వస్తే, కప్పే పొడవు 1235, ఓవర్‌ల్యాప్ 15 మి.మీ. అన్నమాట. అదే ఒక షీటు 1265 ఉండి రెండు కలిపితే 2515 వస్తే, కట్ట మీద రాసిన 1250 కప్పే కొలతే. అప్పుడు విడిగా ఏమీ తీసేయక్కర్లేదు.

మన ఉదాహరణలో షీటు మొత్తం కొలత 1250 × 600, ఓవర్‌ల్యాప్ 15 అనుకుందాం. కప్పేది 1235 × 585. షీటుకి 0.75 చదరపు మీటర్లు అనుకున్నది నిజానికి 0.7225 మాత్రమే. అంటే దాదాపు 3.7 శాతం ఓవర్‌ల్యాప్‌లోకే పోయింది.

డాబా కొలతలు

పిట్టగోడ లోపలి అంచు నుంచి లోపలి అంచుకి కొలవాలి. కానీ చాలా డాబాల్లో పిట్టగోడ మొదట్లో వాటర్‌ప్రూఫింగ్ వాళ్లు సిమెంటుతో ఏటవాలుగా ఒక మూల కట్టి ఉంటారు. షీటు దాని మీదికి ఎక్కదు, దాని కాలి దగ్గరే ఆగుతుంది. అందుకని గోడ పైభాగంలో టేపు పెట్టకుండా, నేల మీద షీటు ఆగే చోటు నుంచి ఆగే చోటుకి కొలవండి.

ప్రతి దిక్కునా మూడు చోట్ల కొలవండి, రెండు చివర్లు, మధ్య. మూడూ ఒకేలా రావడం అరుదు. లెక్కకి పెద్దదాన్ని తీసుకోండి. మూల నుంచి మూలకి ఐమూల కొలతలు రెండూ తీసి పోల్చండి. తేడా ఎక్కువగా ఉంటే డాబా చతురం కాదని అర్థం. అప్పుడు గోడ పక్కనుండే వరుసలో ఒక్కో షీటు ఒక్కో వెడల్పుకి కోయాల్సి వస్తుంది, ఆ వరుస ముక్కల్ని మళ్లీ వాడుకోవచ్చని లెక్కలో నమ్మకూడదు.

మెట్ల గది లాంటి పెద్ద అడ్డంకుల్ని తీసేయాలి. ట్యాంకు దిమ్మెలు, పైపులు లాంటి చిన్నవాటిని తీసేయకండి. వాటి చుట్టూ కోసిన షీటులో మిగిలేది ఎలాగూ చెత్తలోకే పోతుంది.

మన డాబా 10.40 మీటర్ల పొడవు, 7.40 మీటర్ల వెడల్పు. ఒక మూలన మెట్ల గది ఉంది. అది పొడవు దిక్కున 3.20, వెడల్పు దిక్కున 2.50 మీటర్లు ఆక్రమిస్తుంది.

మొత్తం వైశాల్యం 76.96 చ.మీ. మెట్ల గది 8.00 తీసేస్తే 68.96. దీన్ని 0.75తో భాగిస్తే 92 షీట్లు. కప్పే వైశాల్యం 0.7225తో భాగిస్తే 96. ఓవర్‌ల్యాప్‌ని మర్చిపోతే మొదటి అడుగులోనే నాలుగు షీట్లు తగ్గాయి. ఈ 96 కూడా చివరి అంకె కాదు. దీన్ని కనీస సంఖ్యగా మాత్రమే పెట్టుకోండి: వరుసల లెక్క ఇంతకంటే తక్కువ చూపిస్తే ఎక్కడో పొరపాటు ఉందని గుర్తు.

వరుసలో ఎన్ని షీట్లు

ఇక్కడ అంచుల సంగతి కొంచెం దగ్గరగా చూడాలి. ఒక్కో షీటుకి రెండు పక్క పక్క అంచుల్లో పై సగం మందం బయటికి పొడుచుకు వస్తుంది, మిగతా రెండింట్లో కింది సగం. వీటిని పై నాలుక, కింది నాలుక అందాం. పరిచేటప్పుడు కింది నాలుకలు ముందుకి, అంటే ఇంకా పరచని వైపుకి ఉండాలి. తర్వాతి షీటు పై నాలుక వచ్చి దాని మీద కూర్చుంటుంది. మొదటి షీటులో గోడ వైపున్న పై నాలుక కింద ఖాళీ ఉంటుంది, బరువు పడితే విరుగుతుంది. అందుకే దాన్ని కోసేస్తాం. చివరి షీటులో గోడ వైపు వచ్చే కింది నాలుకదీ అదే కథ, దాని మీద సగం మందం లేదు కాబట్టి అదీ పోతుంది.

కాబట్టి వరుసలో n షీట్లు పూర్తి మందంతో కప్పేది n × 1235 కాదు, అందులో 15 తక్కువ. తిప్పి రాస్తే:

```
n = (W + lap) / (L - lap)
```

W కప్పాల్సిన పొడవు, L షీటు మొత్తం కొలత, lap ఓవర్‌ల్యాప్. అన్నీ ఒకే కొలమానంలో ఉండాలి. భిన్నం వస్తే పై పూర్ణాంకానికి పెంచాలి. వరుసల సంఖ్యకీ ఇదే సూత్రం, L స్థానంలో షీటు వెడల్పు పెట్టాలి.

ఇక కోసిన ముక్కల సంగతి. వరుస చివర షీటును కోసినప్పుడు వాడిన భాగానికి పై నాలుక ఉంటుంది, కోసిన అంచు గోడకి వెళ్తుంది. మిగిలిన ముక్కకి ఒక చివర కింది నాలుక, రెండో చివర కోత. సరిగ్గా తర్వాతి వరుస మొదట్లో కావాల్సింది ఇదే: కోసిన అంచు గోడకి, కింది నాలుక ముందుకి. అంటే వరుస చివర మిగిలింది తర్వాతి వరుస మొదట్లో చక్కగా కూర్చుంటుంది, అతుకులు కూడా ఒకే గీతలో రాకుండా పక్కకి జరుగుతాయి. ముక్క 300 మి.మీ. కంటే చిన్నదైతే మాత్రం వాడొద్దు, నడిచేటప్పుడు కదులుతుంది, అతుకులు మరీ దగ్గరకి వస్తాయి. రెండు చివర్లా కోత పడిన ముక్కకి నాలుకే ఉండదు. అది వరుస మధ్యలో పనికిరాదు.

మొదటి ప్రయత్నం: వరుసలు 10.40 దిక్కున

వరుసల సంఖ్య: (7400 + 15) ÷ 585 = 12.68, అంటే 13 వరుసలు. మెట్ల గది ఉన్న వైపు నుంచి మొదలుపెడితే, నాలుగు వరుసలు అయ్యేసరికి 2325 మి.మీ. దాకా వస్తాం. ఐదో వరుస 2500 గీతను దాటుతుంది కాబట్టి అది పూర్తి పొడవు వరుసే, మెట్ల గది మూల దగ్గర కోసి తప్పించాలి. సగం సగం లెక్క పెట్టకండి. గీతను దాటిన వరుస ఎప్పుడూ పొడవు వరుసే.

చిన్న వరుసలు 4, ఒక్కోటి 7.20 మీటర్లు: (7200 + 15) ÷ 1235 = 5.84, అంటే 6 షీట్లు. మొదటి వరుస చివర మిగిలే ముక్క 210 మి.మీ., పనికిరాదు. రెండో వరుసను ఒక షీటు సగానికి కోసి కుడి సగంతో మొదలుపెడితే, ఎడమ సగం ఆ వరుస చివరికే సరిపోతుంది. కాబట్టి అదీ ఆరే. నాలుగు వరుసలకి 24.

పొడవు వరుసలు 9. పూర్తి షీటుతో మొదలైన వరుసకి 9 షీట్లు పడతాయి, చివర 715 మి.మీ. ముక్క మిగులుతుంది. దాంతో తర్వాతి వరుస మొదలుపెడితే ఆ వరుసకి 8 కొత్త షీట్లు చాలు. ఇలా 9, 8, 9, 8 చొప్పున తొమ్మిది వరుసలకి 77. మొత్తం 101.

రెండో ప్రయత్నం: వరుసలు 7.40 దిక్కున

చాలామంది ఈ ప్రయత్నం చేయరు. నన్నడిగితే ఒక కాగితం మీద పది నిమిషాలు పెట్టి రెండు దిక్కులూ చూడకుండా ఆర్డర్ పెట్టకూడదు.

వరుసల సంఖ్య: (10400 + 15) ÷ 585 = 17.80, అంటే 18. ఐదు వరుసలు 2910 దాకా వెళ్తాయి, ఆరోది 3200 గీతను దాటుతుంది. కాబట్టి చిన్న వరుసలు 5, పొడవు వరుసలు 13.

చిన్న వరుస 4.90 మీటర్లు: (4900 + 15) ÷ 1235 = 3.98, అంటే 4. సగం షీటుతో మొదలైన వరుసకి కూడా నాలుగే, ఎందుకంటే ఆ షీటు రెండో సగం చివర్లో 585 మి.మీ. ఖాళీకి సరిపోతుంది. ఐదు వరుసలకి 20.

పొడవు వరుస 7.40 మీటర్లు: (7400 + 15) ÷ 1235 = 6.004. సూత్రాన్ని గుడ్డిగా నమ్మితే ఇక్కడ 7 పెట్టాలి, వరుసకి ఒక షీటు వృథా. కానీ ఆ 0.004 అంటే 5 మి.మీ. ఖాళీ. పూర్తి షీటుతో మొదలైన వరుసలో గోడ దగ్గర ఆ కాస్త సందును స్ప్రే ఫోమ్‌తో నింపేయొచ్చు, కాబట్టి 6 చాలు. దీనికో హద్దు ఉంది. పది మిల్లీమీటర్ల లోపు అయితే ఫోమ్, అంతకు మించితే షీటు ముక్కే. ఫోమ్ నింపినప్పుడు సందు పూర్తి లోతుకి నిండాలి, పైపైన పూస్తే కింద గాలి, నీరు చేరతాయి. సగం షీటుతో మొదలైన వరుసలో చివర 615 మి.మీ. కావాలి, చేతిలో ఉన్న సగం ముక్క రంపం కోత పోగా 623 దాకా ఉంటుంది. సరిపోయింది, కానీ అంచు మీద సరిపోయింది. గోడ ఎక్కడైనా సెంటీమీటరు బయటికి వంగి ఉంటే చాలదు. అందుకే మూడు చోట్ల కొలిచి పెద్దది తీసుకోమన్నది.

13 వరుసలకి 78. మొత్తం 98.

అదే డాబా, అవే షీట్లు. దిక్కు మార్చితే మూడు షీట్లు తగ్గాయి, కోతలు కూడా తగ్గాయి. నేనైతే ఈ రెండోదే ఎంచుకుంటాను.

విరిగేవి, కట్టలు

పైన కట్టిన లెక్కలో కోత వృథా ఇప్పటికే వచ్చేసింది. కాబట్టి మళ్లీ పది శాతం కలపక్కర్లేదు. కలపాల్సింది విరిగేవాటికి మాత్రమే: మోసేటప్పుడు మూలలు చితకడం, నాలుకలు ఊడిపోవడం, ఒక కోత తప్పడం. మామూలు డాబాకి వంద షీట్లకి మూడు చాలు. మూలలు, పైపులు ఎక్కువుంటే ఐదు. మన లెక్కలో 98 + 3 = 101.

షీట్లు విడిగా కాకుండా కట్టల్లో వస్తాయి. కట్టలో ఎన్ని ఉంటాయన్నది మందాన్ని బట్టి మారుతుంది. కట్టకి 8 అయితే 101కి 13 కట్టలు, అంటే 104 షీట్లు. మొదటి దిక్కున వేసినా 101 + 3 = 104, అవే 13 కట్టలు. కొనేది ఒకటే అయినా, రెండో దిక్కున 6 షీట్లు చేతిలో మిగులుతాయి, మొదటిదాంట్లో 3 మాత్రమే.

రెండు పొరలుగా వేస్తుంటే ఒక పొర లెక్కను రెండింతలు చేయకండి. పై పొర అతుకులు కింది పొర అతుకుల మీద పడకూడదు. అందుకని పై పొర వేరే ముక్కతో మొదలవుతుంది, దాని లెక్క విడిగా కట్టాలి.

వెండి రేకు అతికించిన పల్చటి బబుల్ రోల్‌కీ ఇదే సూత్రం వర్తిస్తుంది. కాకపోతే అక్కడ ఓవర్‌ల్యాప్ పెద్దది కాబట్టి పోయేదీ ఎక్కువ: 1.2 మీటర్ల వెడల్పు రోల్‌ని 100 మి.మీ. మీదికి ఎక్కిస్తే ఎనిమిది శాతానికి పైగా పోతుంది. ఆ రోల్‌ని కాంక్రీటు కింద వేయడం మాత్రం దండగ. రేకు మెరుపు వేడిని తిప్పికొట్టాలంటే దాని ముందు గాలి ఖాళీ ఉండాలి.

పరిచేటప్పుడు లెక్క నిలుస్తోందా లేదా

ఎండలో షీట్లను రోజుల తరబడి వదలకండి. సూర్యకాంతికి పై ముఖం పసుపు రంగుకి తిరిగి పొడి రాలుతుంది. సాల్వెంట్ ఉన్న జిగురు, తారు పూతలు ఎక్స్‌పీఎస్‌ని కరిగించేస్తాయి, కింద పూత వేసి ఉంటే పూర్తిగా ఆరనివ్వాలి. 50 మి.మీ. షీటు కిలో పైచిలుకే తూగుతుంది, గట్టిగా గాలి వస్తే లేచిపోతుంది. కాబట్టి ఆ రోజు కప్పగలిగినంత మేరకే పరచండి, పరిచినదాని మీద బరువు పెట్టండి. వాన నీటి పైపు నోటి చుట్టూ జాలీ తీసి శుభ్రం చేసుకునేంత చోటు వదలండి.

మొదటి రెండు వరుసలు పరిచాక ఆగి టేపు తీయండి. మొదటి వరుసలో గోడ వైపు నాలుక కోసేశాం కాబట్టి, గోడ నుంచి రెండో వరుస కింది నాలుక కొస దాకా 585 × 2 = 1170 మి.మీ. రావాలి. రెండు చివర్లా కొలవండి. రెండు చోట్లా 1170 దగ్గర్లో వస్తే వరుసలు తిన్నగా ఉన్నాయి, అతుకులు మూసుకున్నాయి. ఒక చివర 1170, రెండో చివర 1180 వస్తే వరుస ఏటవాలుగా పోతోంది. చివరికి చేరేసరికి షీట్లు ఒక వైపు చీలికల్లా కోయాల్సి వస్తుంది. రెండు చివర్లా 1176 వస్తే ఆ రెండు వరుసల మధ్య అతుకులో ఆరు మిల్లీమీటర్ల సందు మిగిలిందన్నమాట. ఇలాగే 17 అతుకులు పోతే 100 మి.మీ. తేడా వస్తుంది. షీట్లు మిగిలినట్టే కనిపిస్తాయి గానీ ఆ మిగిలింది సందుల రూపంలో డాబా అంతా పరుచుకుని ఉంటుంది.

ఇలాంటప్పుడు సాధారణంగా కనిపించే కారణం నాలుక కింద ఇరుక్కున్న ఇసుక రేణువులు, లేదా రంపపు పొట్టు. షీటు ఎత్తి, మెట్టును చేత్తో తుడిచి, మళ్లీ పెట్టి, ఒక చెక్క అడ్డం పెట్టి అరచేత్తో తట్టండి. అప్పటికీ మూసుకోకపోతే కింద నేల ఎగుడుదిగుడుగా ఉందేమో చూడండి. షీటు ఒక మూల మీద ఊగుతుంటే రెండో మూలన అతుకు తెరుచుకుంటుంది. అక్కడ ఉబ్బెత్తుగా ఉన్నది రాలిపడిన సిమెంటు చుక్కే అయితే, కింది వాటర్‌ప్రూఫింగ్ పూత తెగకుండా మెల్లగా గీకి తీసి, ఆ రెండు వరుసలూ మళ్లీ కొలిచాకే మూడోది మొదలుపెట్టండి.